షేరు ధరలోంచి రాబడి రేటు తీసేదెలా?

2011 సెప్టెంబరు చివరిలో అమెరికా ఈశాన్య మూలన ఒక కరెంటు తగవు మొదలైంది. న్యూ ఇంగ్లండ్ అని పిలిచే ఆ ప్రాంతంలో హైటెన్షన్ లైన్లు నడిపే కంపెనీలకు ఒక అనుమతి ఉండేది. వాటాదారులు పెట్టిన సొమ్ము మీద ఏటా 11.14 శాతం రాబడిని లైన్ల ఛార్జీల్లో కలిపి వసూలు చేసుకోవచ్చు. ఆ రేటు 2006లో ఖరారైంది. 2008 ఆర్థిక సంక్షోభం తర్వాత వడ్డీలు బాగా పడిపోయాయి, మార్కెట్లో డబ్బు చవకగా దొరుకుతోంది, ఇంకా 11.14 ఎందుకు ఇవ్వాలని మసాచుసెట్స్ అటార్నీ జనరల్ మార్తా కోక్లీ, ఆ ప్రాంతంలోని మరికొందరు అధికారులు, వినియోగదారుల ప్రతినిధులు కలిసి ఫెడరల్ ఎనర్జీ రెగ్యులేటరీ కమిషన్‌కు ఫిర్యాదు చేశారు. 9.2 శాతం చాలన్నది వాళ్ల వాదన.

రెండు శాతం తేడా చిన్నదిగా కనిపిస్తుంది. కానీ వాటాదారుల సొమ్ము వెయ్యి కోట్లు ఉన్న కంపెనీలో ఒక్క శాతమంటే ఏటా పది కోట్లు. దాని మీద కట్టాల్సిన పన్ను వేరు. ఆ మొత్తం ఏటా వినియోగదారుల బిల్లుల్లోంచే రావాలి.

అసలు 11.14 సరైనదా, 9.2 సరైనదా అని ఎవరైనా ఎలా తేల్చగలరు? బ్యాంకు నుంచి అప్పు తెస్తే వడ్డీ రేటు కాగితం మీద రాసి ఉంటుంది. బాండ్లు అమ్మితే వాటి మీదా ఉంటుంది. షేరు కొన్నవాడికి కంపెనీ ఏ రేటూ రాసివ్వదు. అయినా అతను ఊరికే డబ్బు పెట్టడు. ఇంత వస్తుందని మనసులో లెక్క వేసుకునే కొంటాడు. అంత వచ్చే ఆశ లేదనుకుంటే అమ్మేసి వెళ్లిపోతాడు. మదుపరులు అలా ఆశించే రేటునే కంపెనీ వైపు నుంచి చూసినప్పుడు ఈక్విటీ వ్యయం అంటారు. ఎవరూ పైకి చెప్పని ఆ రేటును షేరు ధరలోంచే బయటికి లాగే సూత్రం ఒకటుంది. న్యూ ఇంగ్లండ్ కేసు చాలా వరకు దాని చుట్టూనే తిరిగింది.

తిరగేసిన సూత్రం

షేరు విలువ అంటే ఇక ముందు అది ఇవ్వబోయే డివిడెండ్లన్నిటికీ ఈ రోజు లెక్కలో ఉన్న విలువ. ఈ ఆలోచనకు 1938లో జాన్ బర్ విలియమ్స్ తన పుస్తకంలో గట్టి రూపం ఇచ్చాడు. డివిడెండ్ ఏటా ఒకే రేటున పెరుగుతూ పోతుందని అనుకుంటే అంతులేని ఆ కూడిక చిన్న భాగహారంగా తేలిపోతుంది:

P = D1 / (r − g)

ఇందులో P ఈనాటి షేరు ధర, D1 రాబోయే ఏడాది వచ్చే డివిడెండ్, g డివిడెండ్ పెరిగే రేటు, r మదుపరులు ఆశించే రాబడి. విలువ కట్టేవాళ్లు r ఎంతో ముందే అనుకుని ధర కనుక్కుంటారు. కానీ స్టాక్ మార్కెట్లో ధర రోజూ కళ్లెదుటే ఉంటుంది, తెలియనిది r. అందుకే సూత్రాన్ని తిరగేస్తారు:

r = D1 / P + g

1956లో మైరన్ గోర్డన్, ఎలీ షపీరో కలిసి ప్రచురించిన వ్యాసంలో వాళ్లు వెతికింది ఈ రెండో రూపాన్నే. యంత్రాలు కొనాలా వద్దా అని కంపెనీ తేల్చుకోవాలంటే ఆ పెట్టుబడి కనీసం ఎంత లాభం తేవాలి అన్నది వాళ్ల ప్రశ్న. తర్వాత ఆ సూత్రానికి గోర్డన్ పేరే స్థిరపడింది.

చిన్న లెక్కతో చూస్తే ఇందులో చిక్కేమీ లేదు. ఒక షేరు 250 రూపాయలకు దొరుకుతోంది. వచ్చే ఏడాది 10 రూపాయల డివిడెండ్ ఇస్తుందని, ఆపైన ఏటా 6 శాతం పెరుగుతుందని అందరి అంచనా. 10ని 250తో భాగిస్తే 4 శాతం. దానికి 6 కలిపితే 10 శాతం. ఇది నిజమో కాదో సరిచూసుకోవచ్చు. ఏడాది తర్వాత ఆ షేరు కొనేవాడికి ఎదురుగా ఉండేది 10.60 రూపాయల డివిడెండ్. అతనూ 10 శాతమే ఆశిస్తాడనుకుంటే, 10.60ని 4 శాతంతో భాగించగా ధర 265 రూపాయలు. అంటే ఈ రోజు 250 పెట్టి కొన్నవాడికి ఏడాదిలో 10 రూపాయలు చేతికొచ్చాయి, షేరు మీద 15 రూపాయలు పెరిగాయి. మొత్తం 25. సరిగ్గా పదో వంతు.

ఇల్లు కొని అద్దెకిచ్చినవాళ్లు ఈ లెక్క రోజూ వేస్తూనే ఉంటారు. ఏడాది అద్దె ఒక పక్క, ఇంటి విలువలో పెరుగుదల ఇంకో పక్క. సూత్రంలోని రెండు భాగాలూ అవే. D1/P చేతికొచ్చే భాగం, g పెరిగే భాగం.

కనిపించేది కొంత, ఊహించేది ఎక్కువ

పై లెక్కలో పది శాతం రాబడిలో నాలుగు శాతం మాత్రమే కళ్లకు కనిపించే అంకెల నుంచి వచ్చింది. ధర ఎక్స్‌ఛేంజీలో ఉంటుంది. డివిడెండ్‌ను కంపెనీ ప్రకటిస్తుంది, లేదా గత చెల్లింపులను బట్టి దగ్గరగా అంచనా వేయవచ్చు. మిగిలిన ఆరు శాతం ఊహ. మార్కెట్ ధరలోంచి రేటు తీశామని చెప్పుకున్నా, జవాబులో సగానికి పైగా మనమే లోపలికి వేసిన అంకె ఉంటుంది. పైగా g లో ఒక శాతం పొరపాటు జరిగితే r లో కూడా సరిగ్గా ఒక శాతం పొరపాటు వస్తుంది. అందుకే ఈ సూత్రం ఎక్కడ వాడినా తగవు g దగ్గరే.

దీనిలో ఇంకో చిక్కుంది. మొదటి రూపంలో g ను r కంటే ఎక్కువగా వేస్తే ధర రుణాత్మకంగా వస్తుంది. ఎక్కడో తప్పు జరిగిందని లెక్కే చెప్పేస్తుంది. తిరగేసిన రూపంలో ఆ హెచ్చరిక ఉండదు. g గా ఏ అంకె ఇచ్చినా దానికి డివిడెండ్ శాతాన్ని కలిపి జవాబు చెబుతుంది, కాబట్టి r ఎప్పుడూ g కంటే పైనే ఉంటుంది. ఐదేళ్లుగా డివిడెండ్‌ను ఏటా 25 శాతం పెంచిన కంపెనీని తీసుకుని, ఒక శాతం డివిడెండ్‌కు ఆ 25 కలిపితే ఈక్విటీ వ్యయం 26 శాతమని తేలుతుంది. అంకె శుభ్రంగా ఉంది, అర్థం మాత్రం లేదు. ఎందుకంటే సూత్రంలోని g ఐదేళ్ల మాట కాదు, ఎప్పటికీ నిలవాల్సిన రేటు. 25 శాతం చొప్పున 30 ఏళ్లు పెరిగితే ఏ మొత్తమైనా 800 రెట్లు దాటుతుంది. అదే కాలంలో దేశ ఆర్థిక వ్యవస్థ ధరల పెరుగుదలతో కలిపి ఏటా 10 శాతం పెరిగినా 17 రెట్ల చిల్లరే అవుతుంది. ఒక్క కంపెనీ దేశాన్నే మించిపోవాలి. కాబట్టి g కి సహజమైన పైకప్పు ఆ దేశ ఆర్థిక వ్యవస్థ దీర్ఘకాలంలో పెరిగే రేటు.

మరి g ఎక్కడి నుంచి తేవాలి? సాధారణంగా దారులు మూడు. గత డివిడెండ్ల చరిత్ర చూడటం ఒకటి. విశ్లేషకుల లాభాల అంచనాలు తీసుకోవడం రెండోది. కంపెనీ లాభంలో దాచుకునే భాగాన్ని వాటాదారుల సొమ్ము మీద సంపాదించే రేటుతో గుణించడం మూడోది. సొమ్ము మీద 12 శాతం సంపాదిస్తూ లాభంలో సగం పంచి సగం వ్యాపారంలోనే ఉంచే కంపెనీ ఏటా 6 శాతం ఎదగగలదు.

ఈ మూడో దారి మామూలు కంపెనీలకు బాగానే పనిచేస్తుంది. కానీ న్యూ ఇంగ్లండ్ లైన్ల కంపెనీల్లాంటి చోట అది తన చుట్టూ తానే తిరుగుతుంది. ఆ కంపెనీలు ఎంత సంపాదించాలో చెప్పేది కమిషనే. కమిషన్ ఎంత ఇస్తే దాన్ని బట్టే ఎదుగుదల. ఆ ఎదుగుదలను బట్టి ఈక్విటీ వ్యయం. దాన్ని బట్టి కమిషన్ ఇచ్చే రేటు. తేల్చాల్సిన జవాబే ప్రశ్నలో కూర్చుంటుంది.

కమిషన్ లెక్క వేసిన తీరు

2014 జూన్ 19న కమిషన్ ఈ కేసులో తీర్పు చెప్పింది. ఒపీనియన్ 531 పేరుతో అది ఆ రంగంలో అందరికీ తెలుసు. అందులో మొదట మార్చింది g నే. అప్పటి వరకు విద్యుత్ కంపెనీల ఎదుగుదలకు కమిషన్ దగ్గరి కాలపు అంచనాల మీదే ఆధారపడేది. ఇకపై రెండు అంచెలు ఉండాలంది. విశ్లేషకుల ఐదేళ్ల అంచనాకు మూడింట రెండు వంతుల బరువు, అమెరికా మొత్తం ఆర్థిక వ్యవస్థ దీర్ఘకాలిక ఎదుగుదలకు మూడింట ఒక వంతు బరువు. ఈ దీర్ఘకాలిక రేటు 4.39 శాతంగా తేలింది. గ్యాస్, చమురు పైపులైన్ల కంపెనీలకు ఇలాంటి పద్ధతినే కమిషన్ అంతకుముందు నుంచీ వాడుతోంది.

డివిడెండ్ భాగంలోనూ చిన్న సవరణ ఉంది. అమెరికా కంపెనీలు డివిడెండ్‌ను మూడు నెలలకోసారి ఇస్తాయి, వేర్వేరు కంపెనీలు ఏడాదిలో వేర్వేరు సమయాల్లో పెంచుతాయి. అందుకని ప్రస్తుత డివిడెండ్‌ను పూర్తి ఏడాది ఎదుగుదలతో కాకుండా సగం ఎదుగుదలతో పెంచుతారు. ధర కూడా ఒక్క రోజుది కాదు. ఒక రోజు మార్కెట్ ఉలిక్కిపడితే రేటు మారిపోకుండా ఆరు నెలల ధరల సగటు చూస్తారు.

ఊహించిన అంకెలతో ఒక కంపెనీకి ఇది వేసి చూద్దాం. ప్రస్తుత డివిడెండ్ ధరలో 4 శాతం, విశ్లేషకుల అంచనా 6 శాతం. ఆరులో మూడింట రెండు వంతులు 4. 4.39లో మూడో వంతు సుమారు 1.46. కలిపితే g 5.46 శాతం. దీనిలో సగాన్ని డివిడెండ్‌కు వర్తింపజేస్తే 4 శాతం కాస్తా 4.11 అవుతుంది. రెండూ కలిపితే 9.57 శాతం. విశ్లేషకుల ఆరు శాతాన్నే నేరుగా g గా వేసి ఉంటే 10.12 వచ్చేది. కంపెనీ అదే, ధర అదే, డివిడెండ్ అదే. g ఎంపిక ఒక్కటే అర శాతానికి పైగా కదిపింది.

ఈ లెక్కను కమిషన్ ఒక్క కంపెనీకి వేసి ఊరుకోదు. లైన్లు నడిపే కంపెనీల్లో చాలా వాటికి సొంత షేరు మార్కెట్లో ఉండదు, వాటి మాతృసంస్థలదే ఉంటుంది. అందుకని దాదాపు ఒకే స్థాయి రిస్కు ఉన్న విద్యుత్ కంపెనీలను ఒక జట్టుగా తీసుకుని, ఒక్కోదానికీ లెక్క వేస్తారు. వచ్చిన జవాబుల్లో నమ్మశక్యం కానివాటిని ఏరేస్తారు. ఆ ఏరివేతకు వాడే గీటురాయి సామాన్యులకూ పనికొస్తుంది. అదే స్థాయి రేటింగ్ ఉన్న బాండ్ల రాబడి కంటే షేరు రాబడి సుమారు ఒక శాతమైనా ఎక్కువ లేకపోతే ఆ లెక్కను పక్కన పెడతారు. బాండ్ కొన్నవాడికి వడ్డీ హామీ ఉంది, షేరు కొన్నవాడికి ఏ హామీ లేదు. ఇద్దరికీ దాదాపు ఒకే రాబడి అని సూత్రం చెబుతుంటే తప్పు సూత్రంలోకి వెళ్లిన అంకెల్లో ఉందన్నమాట.

ఇంత జాగ్రత్త తీసుకున్నాక కూడా జట్టులోని జవాబులు 7.03 శాతం నుంచి 11.74 శాతం దాకా పరుచుకున్నాయి. ఒకే రకం వ్యాపారం, దాదాపు ఒకే రిస్కు. ఆ వ్యాపారాలకు డబ్బిచ్చేవాళ్ల ఆశల్లో నిజంగా నాలుగున్నర శాతానికి పైగా తేడా ఉంటుందని నమ్మడం కష్టం. ఆ వెడల్పులో పెద్ద భాగం ఒక్కో కంపెనీ ఎదుగుదల మీద విశ్లేషకులు వేసిన వేర్వేరు అంచనాలదే.

ఆ పరిధికి నడిమధ్య 9.39. మామూలుగా అయితే కమిషన్ అక్కడే ఆగేది. కానీ అప్పటి మార్కెట్ మామూలుగా లేదని, వడ్డీలు అసాధారణంగా తక్కువగా ఉండటంతో సూత్రం చూపే నడిమి అంకె తక్కువగా వస్తోందని భావించింది. అందుకని పరిధిలో పై సగం తీసుకుని దాని మధ్యకు వెళ్లింది. 9.39కి, 11.74కి మధ్య 10.57. అదే కొత్త రేటు అంది. 2011 అక్టోబరు నుంచి 2012 డిసెంబరు వరకు వసూలైన అదనపు సొమ్మును తిరిగి ఇవ్వాలని కూడా చెప్పింది.

ఇరుపక్షాలూ కోర్టుకు వెళ్లాయి. 2017 ఏప్రిల్‌లో వాషింగ్టన్‌లోని అప్పీలు కోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. పాత 11.14 అన్యాయమైన రేటని కమిషన్ ముందు నిరూపించలేదని, 10.57 దగ్గరే ఎందుకు ఆగాలో సరిగా వివరించలేదని చెప్పింది. సూత్రం తప్పని కోర్టు అనలేదు. సూత్రం ఇచ్చిన పరిధికీ, చివరికి ఎంచుకున్న అంకెకూ మధ్య ఉన్న ఖాళీని పూడ్చాల్సిన కారణాలు చాల్లేదని మాత్రమే అంది.

ధర పడితే రేటు పెరిగినట్టేనా?

సూత్రంలో ధర కింద ఉంటుంది కాబట్టి ధర తగ్గితే r పెరుగుతుంది. 250 ఉన్న షేరు 200కు పడిందనుకుందాం. పది రూపాయల డివిడెండ్ ఇప్పుడు 5 శాతం, దానికి ఆరు కలిపితే 11. మదుపరులు ఇప్పుడు 11 శాతం కోరుతున్నారని, కంపెనీకి డబ్బు ఖరీదైందని అనిపిస్తుంది.

అది నిజం కావచ్చు, కాకపోవచ్చు. ఆ కంపెనీ ఎదుగుదల ఇక ఆరు కాదు, ఐదేనని మార్కెట్ అనుకోవడం వల్లే ధర పడి ఉండవచ్చు. అప్పుడు 5కు 5 కలిపితే మళ్లీ 10. ఆశించే రాబడి ఏమీ మారలేదు, మారింది భవిష్యత్తు మీద అంచనా. పాత g ని అలాగే ఉంచి కొత్త ధర వేసినవాళ్లకు లేని పెరుగుదల కనిపిస్తుంది. విశ్లేషకుల అంచనాలు ధర కంటే ఆలస్యంగా సవరణకు వస్తాయి గనుక మార్కెట్ ఒక్కసారిగా పడినప్పుడు ఈ తప్పు తరచూ జరుగుతుంది. ధర ఏ రోజుదో అంచనా కూడా ఆ రోజుల్లోదే అయ్యుండాలి.

మన షేర్లకు వేసి చూస్తే

తెలుగునాట డీమాట్ ఖాతా ఉన్నవాళ్లు ఈ లెక్కను వార్షిక నివేదిక ముందు పెట్టుకుని వేసుకోవచ్చు. తడబడేది ఎక్కువగా రెండు చోట్ల.

ఒకటి, ఏ డివిడెండ్ అన్నది. వెబ్‌సైట్లలో కనిపించే డివిడెండ్ శాతం గడచిన ఏడాది చెల్లింపు మీద కట్టింది. సూత్రం అడిగేది రాబోయేది. 250 రూపాయల షేరు నిరుడు 10 ఇచ్చి ఉంటే, 6 శాతం పెరుగుదలతో D1 విలువ 10.60, జవాబు 10 కాదు, 10.24. ఈ షేరుకు తేడా చిన్నదే. డివిడెండ్ శాతం, ఎదుగుదల రెండూ ఎక్కువున్న షేరుకు అది పెద్దదవుతుంది.

రెండోది ప్రత్యేక డివిడెండ్. 2022-23లో టీసీఎస్ షేరుకు మొత్తం 115 రూపాయలు పంచింది. అందులో 67 రూపాయలు 2023 జనవరిలో ప్రకటించిన ప్రత్యేక డివిడెండ్. మరుసటి ఏడాది మొత్తం 73కు తగ్గింది, అందులోనూ 18 ప్రత్యేకమే. ఈ రెండు మొత్తాలు చూసి g కడితే డివిడెండ్ ఏటా మూడో వంతుకు పైగా కుంచించుకుపోతోందని వస్తుంది. ప్రత్యేకమైనవి తీసేసి చూస్తే 48 నుంచి 55కు పెరిగింది, అంటే 14 శాతానికి పైగా ఎదుగుదల. ఒకే కంపెనీ, అవే రెండేళ్లు, ఒక లెక్కలో పాతాళం, ఇంకో లెక్కలో ఆకాశం. రెండూ శాశ్వత రేట్లు కావు. అలాంటి షేరుకు రెండేళ్ల చెల్లింపులు పక్కన పెట్టి, లాభం ఎంత, అందులో నిలకడగా పంచే భాగం ఎంత, మిగిలినదాని మీద ఎంత సంపాదిస్తోంది అని చూడటమే దారి. పైగా టీసీఎస్ షేర్ల బైబ్యాక్ ద్వారా కూడా సొమ్ము పంచుతుంది. దాన్ని వదిలేస్తే D1 తక్కువగా పడుతుంది.

డివిడెండే ఇవ్వని కొత్త కంపెనీలకు, ఏడాదికో తీరుగా లాభాలు ఊగే లోహాల కంపెనీలకు ఈ సూత్రం కుదరదు. విద్యుత్, గ్యాస్ లాంటి నిలకడైన వ్యాపారాలకు బాగా నప్పుతుంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వినియోగదారులు కట్టే కరెంటు బిల్లులోనూ వాటాదారుల రాబడి ఒక భాగంగా ఉంటుంది. అంతర్రాష్ట్ర లైన్లకు, ఎన్‌టీపీసీ లాంటి కేంద్ర సంస్థల థర్మల్ కేంద్రాలకు కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి 2009 నుంచి 15.5 శాతం రేటును నిర్ణయించింది. 2024 నిబంధనల్లో కొత్త లైన్లకు దాన్ని 15 శాతానికి తగ్గించింది. మన దగ్గర ఈ రేటును నిబంధనల్లో ముందే రాసి, ఐదేళ్లకోసారి సమీక్షిస్తారు. అమెరికాలో మాదిరిగా ఫిర్యాదు వచ్చిన ప్రతిసారీ కంపెనీల జట్టును కూర్చి షేరు ధరలతో లెక్క కట్టరు.

అమెరికాలో కూడా ఈ సూత్రం ఇప్పుడు ఒంటరిగా నిలబడటం లేదు. మధ్య పశ్చిమ రాష్ట్రాల లైన్ల కంపెనీల మీద వచ్చిన ఇలాంటి ఫిర్యాదులో కమిషన్ 2019లో దీనికి తోడుగా రిస్కును బట్టి రాబడి కట్టే ఇంకో పద్ధతిని చేర్చింది. 2020లో మూడోదాన్ని జోడించింది, 2022లో కోర్టు దాని కారణంగా ఆ ఉత్తర్వులను కొట్టేసింది. చివరికి 2024 అక్టోబరులో రెండు పద్ధతుల సగటుతో 9.98 శాతంగా ఖరారు చేసి, పాత వసూళ్లలో తేడాను వడ్డీతో సహా తిరిగి ఇవ్వమంది.